‘అనుమానాస్పద మెయిల్’ అని రాయగానే ప్రశ్న పాడవుతుంది

కార్యాలయ సిబ్బందికి ఇచ్చే సైబర్ భద్రత కోర్సుల్లో ఈ తరహా ప్రశ్న తరచుగా కనిపిస్తుంది: “తెలియని వ్యక్తి నుంచి మీకు అనుమానాస్పద ఇమెయిల్ వచ్చింది. లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వమని అందులో ఉంది. మీరేం చేస్తారు?” కింద నాలుగు ఎంపికలు ఉంటాయి. లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వడం ఒకటి, మెయిల్‌ను తోటివారందరికీ పంపడం ఒకటి, పట్టించుకోకపోవడం ఒకటి. నాలుగోది మిగతా మూడింటికన్నా రెండింతలు పొడవుంటుంది: లింకు నొక్కకుండా, జోడింపు ఫైళ్లు తెరవకుండా, వెంటనే భద్రతా విభాగానికి తెలియజేయడం. కోర్సు పాఠం ఒక్క ముక్క చదవనివారు కూడా నాలుగోదే ఎంచుకుంటారు. నివేదికలో నూటికి నూరు పడుతుంది.

ఈ ప్రశ్న కొలిచింది చదవడం వచ్చా రాదా అన్నది మాత్రమే. ఉద్యోగి చేయవలసిన పని మెయిల్‌ను చూసి ‘ఇక్కడ ఏదో తేడాగా ఉంది’ అని గుర్తించడం. ఆ పనిని ‘అనుమానాస్పద’ అన్న విశేషణం ముందే చేసిపెట్టింది. ‘తెలియని వ్యక్తి’ అన్న మాట మిగిలిన కాస్త సందేహాన్నీ తీర్చేసింది. నిజంగా వచ్చే మెయిల్ మీద అలాంటి చీటీ ఏదీ అంటించి ఉండదు. అది పనుల మధ్యలో, మరో ఇరవై మెయిళ్ల నడుమ, తెలిసిన పేరుతో వస్తుంది.

కాబట్టి సన్నివేశ ప్రశ్న రాసేటప్పుడు మొదటి సవరణ విశేషణాలను కొట్టివేయడమే. అనుమానాస్పద, నకిలీ, వింతగా ఉన్న, హఠాత్తుగా వచ్చిన వంటివన్నీ తీసేసి, ఆ స్థానంలో మెయిల్‌ను ఉన్నదున్నట్టు చూపాలి. ఇది సులభంగానే అలవాటవుతుంది. రెండో సవరణ కష్టమైనది. ‘ఈ మెయిల్ నిజమా, నకిలీనా’ అని అడగడం మాని, ‘ఇప్పుడు మొదట ఏం చేస్తారు’ అని అడగాలి. రెండూ ఒకటేనని చాలామంది రచయితలు అనుకుంటారు. కానీ మొదటిది ఆనవాళ్లు పట్టే నైపుణ్యాన్ని అడుగుతుంది. ఆనవాళ్లే లేని మోసాలు ఉన్నాయి. అక్కడ ఆ నైపుణ్యం ఎందుకూ కొరగాదు.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా చూద్దాం. పద్దుల విభాగంలో పనిచేసేవారికోసం ప్రశ్న రాయాలి. అంశం, సరఫరాదారు పేరుతో వచ్చే ఖాతా మార్పు మోసం. తొలి చిత్తుప్రతిలో రచయితలు సాధారణంగా పంపినవారి చిరునామాలో ఒక అక్షరం మార్చి పెడతారు. ఆ అక్షరం కనిపెట్టినవారు గెలుస్తారు. అయితే ఈ తరహా మోసాల్లో మోసగాడు సరఫరాదారు మెయిల్ ఖాతాలోనే చొరబడి, పాత ఉత్తరాలన్నీ చదివి, నడుస్తున్న సంభాషణ మధ్యలోనే జవాబు రాసే పద్ధతి కూడా ఉంది. అప్పుడు చిరునామా అచ్చంగా అసలుదే. సంతకం, పలకరింపు, బిల్లు సంఖ్య, అన్నీ సరిగ్గానే ఉంటాయి. ప్రశ్న ఆ కష్టమైన రూపాన్నే తీసుకుంటే ఇలా ఉంటుంది:

> మీరు రెండేళ్లుగా బిల్లులు చెల్లిస్తున్న సరఫరాదారు నుంచి, గత నెల బిల్లు గురించి నడుస్తున్న సంభాషణలోనే ఈ జవాబు వచ్చింది. పంపిన చిరునామా ఎప్పటిదే: `bills@vendor.example`
>
> “నమస్కారం. బిల్లు ఆమోదం పొందినందుకు ధన్యవాదాలు. మా పాత బ్యాంకు ఖాతాలో ఆడిట్ జరుగుతున్నందున ఈసారి చెల్లింపును జతచేసిన పత్రంలోని కొత్త ఖాతాకు పంపగలరు. ఏవైనా సందేహాలుంటే కింది నంబరులో అందుబాటులో ఉంటాను.”
>
> చెల్లింపుల జాబితా ఈ సాయంత్రం బ్యాంకుకు వెళ్తుంది. మీరు మొదట ఏం చేస్తారు?
>
> అ) చిరునామాను పాత మెయిళ్లతో పోల్చి, సరిపోతే కొత్త ఖాతాను నమోదు చేస్తాను.
> ఆ) ఈ మార్పు మీరే కోరారా అని అదే మెయిల్‌కు జవాబిచ్చి, అవునంటే నమోదు చేస్తాను.
> ఇ) మెయిల్ చివర సంతకంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, నిర్ధారించాక నమోదు చేస్తాను.
> ఈ) ఒప్పంద పత్రంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, నిర్ధారించాక నమోదు చేస్తాను.

ఇందులో తెలివితక్కువ ఎంపిక ఒక్కటీ లేదు. ప్రతి తప్పు ఎంపిక వెనుకా శ్రద్ధగల ఉద్యోగి ఆలోచన ఒకటి ఉంది. ‘అ’ ఎంచుకున్నవారు పాత కోర్సుల్లో నేర్పిన పాఠాన్నే పాటిస్తున్నారు: చిరునామా చూడు, సరిపోతే నమ్ము. ‘ఆ’ ఎంచుకున్నవారు అడిగి తెలుసుకోవాలని గ్రహించారు గానీ, అడుగుతున్నది దొంగనే అని గ్రహించలేదు. ఇ అన్నింటికన్నా విలువైన తప్పు. ఫోన్ చేయాలన్న నియమం వారికి తెలుసు. ఆ నంబరు ఎక్కడి నుంచి తీసుకోవాలన్నదే తెలియదు. ‘ఇ’, ‘ఈ’ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే ఈ ప్రశ్న ప్రాణం. సమాచారం వచ్చిన దారిలోనే దాన్ని నిర్ధారించుకోకూడదు, ముందునుంచి మన దగ్గరున్న దారిలో నిర్ధారించుకోవాలి. మెయిల్ నిజమైనదైనా మోసమైనా చేయవలసిన పని ఇదే. అందుకే ఇక్కడ ఉద్యోగి ఏమీ ఊహించనక్కర్లేదు.

నాలుగు ఎంపికలూ ఇంచుమించు ఒకే పొడవున్నాయి. ఒకే వాక్య నిర్మాణంలో ఉన్నాయి. ‘ఎప్పుడూ’, ‘ఎట్టి పరిస్థితిలోనూ’ వంటి మాటలు దేనిలోనూ లేవు. పరీక్షలు రాయడం అలవాటైనవారు ఇలాంటి చిన్న చిన్న గుర్తులతోనే జవాబు పట్టేస్తారు. పై చెడ్డ ప్రశ్నలో నాలుగో ఎంపిక తన పొడవుతోనే బయటపడినట్టు.

‘వెంటనే భద్రతా విభాగానికి నివేదిస్తాను’ అన్న ఎంపిక పై ప్రశ్నలో లేకపోవడం కావాలని చేసిందే. అది కూడా సమర్థించదగిన జవాబు. దాన్ని చేర్చితే రెండు సరైన జవాబులు తయారై, కోర్సు పూర్తయ్యాక వాదనలు మొదలవుతాయి. ఆ వాదనలో ఉద్యోగిదే న్యాయం అవుతుంది. సంస్థ నియమావళిలో ఖాతా మార్పు కోరే ప్రతి మెయిల్‌నూ ముందు భద్రతా విభాగానికి పంపాలని స్పష్టంగా ఉంటే, దాన్నే సరైన జవాబుగా పెట్టి ప్రశ్నను తిరగరాయాలి. లేకపోతే వదిలేయాలి. గోడ మీది పిల్లిలా ‘రెండూ మంచివే గానీ ఇది మరింత మంచిది’ అన్న జవాబు నేర్చుకునేవారికి చిరాకు తెప్పించడం తప్ప ఏమీ నేర్పదు.

జవాబు తర్వాత కనిపించే వివరణ కూడా ప్రశ్నలో భాగమే. ‘తప్పు. సరైన జవాబు ఈ’ అని వదిలేయడం వృథా. ఇ ఎంచుకున్నవారికి ఇలా చెప్పవచ్చు: “ఫోన్ చేయాలన్న ఆలోచన సరైనదే. కానీ ఆ నంబరు ఇచ్చింది మెయిల్ పంపినవారు. మెయిల్ ఖాతా ఇతరుల చేతిలో ఉంటే ఫోన్ ఎత్తేదీ వారే, ‘అవును, ఖాతా మారింది’ అనేదీ వారే.” సరైన అడుగు ఎంతవరకు వేశారో, ఎక్కడ జారారో మూడు వాక్యాల్లో తెలిసిపోతుంది.

ఒక్కో ప్రశ్న ఎంత బాగున్నా, అన్నీ కలిపి ఒక పరీక్షగా కూర్చేటప్పుడు మరో లోపం తలెత్తుతుంది. పది మెయిళ్లు చూపించి ఏది నిజం, ఏది నకిలీ అని అడిగే అభ్యాసం తీసుకోండి. పదీ నకిలీవే అయితే, చూడకుండా ‘నకిలీ’ అని పదిసార్లు నొక్కినవారికి పదికి పది వస్తాయి. ఆరు నిజమైనవి, నాలుగు నకిలీవి పెడితే అదే మనిషికి నాలుగే వస్తాయి. నిజమైన మెయిళ్లను చేర్చడం దయాదాక్షిణ్యం కాదు. అవి లేకపోతే కొలతే లేదు. అంతేకాదు, మొత్తం మార్కులు కూడా మోసం చేస్తాయి. ఎనిమిది మార్కులు వచ్చిన ఇద్దరిలో ఒకరు రెండు నకిలీ మెయిళ్లను నమ్మి ఉండవచ్చు, మరొకరు రెండు అసలు మెయిళ్లను అనుమానించి ఉండవచ్చు. మొదటివారి వల్ల సంస్థకు ముప్పు ఉంది. రెండోవారి వల్ల పనులు ఆలస్యమవుతాయి, భద్రతా విభాగానికి అనవసరపు నివేదికలు పోగవుతాయి. ఈ రెండు లెక్కలనూ విడివిడిగా రాసుకోవాలి.

నిజమైన మెయిళ్లను ఎంచుకునేటప్పుడు అవి చూడటానికి మరీ నిర్దోషంగా ఉండకూడదు. బయటి సంస్థ ద్వారా పంపిన సిబ్బంది సర్వే, గడువు దాటుతోందని హెచ్చరించే శిక్షణ నోటీసు, ఇలాంటివే పనికొస్తాయి. తమ సంస్థ సొంత మెయిళ్లలోనే ఎన్ని నకిలీ మెయిళ్లకు కవలల్లా ఉన్నాయో ఈ వెతుకులాటలో రచయితకు తెలిసివస్తుంది. ఆ సంగతి పంపే విభాగాలకు చెప్పడం కోర్సు పరిధిలోకి రాదు గానీ, చెప్పకుండా ఉండటమూ కష్టమే.

కష్టం ఎంత ఉండాలన్న దానికి ఆసరా ఒకటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టి పరిశోధకులు 2020లో ‘ఫిష్ స్కేల్’ అనే పద్ధతిని ప్రచురించారు. నకిలీ మెయిల్‌ను గుర్తించడం ఎంత కష్టమో అది రెండు విషయాలను బట్టి అంచనా వేస్తుంది. ఒకటి, మెయిల్‌లో పట్టిచ్చే ఆనవాళ్లు ఎన్ని ఉన్నాయన్నది. రెండోది, మెయిల్‌లోని కథ అందుకున్నవారి పనికి ఎంత దగ్గరగా ఉందన్నది. చాలా కోర్సులు మొదటిదాన్నే పట్టుకుని అక్షర దోషాలు, చెత్త లోగోలు తగ్గిస్తూ కష్టం పెంచామనుకుంటాయి. రెండోదాని ప్రభావం తక్కువేమీ కాదు. ఖాతా మార్పు మెయిల్ పద్దుల విభాగానికి రోజువారీ పని. అదే మెయిల్ రూపకల్పన విభాగంలోని వారికి వస్తే, ‘ఇది నాకెందుకు వచ్చింది’ అన్న ఒక్క ప్రశ్నతో పట్టుబడుతుంది. కాబట్టి అందరికీ ఒకే సన్నివేశం ఇస్తే కొందరికి నల్లేరు మీద నడక, మరికొందరికి ఉచ్చు. నియామకాలు చూసేవారికి దరఖాస్తు ఫైలు, స్వాగత విభాగంలో ఉన్నవారికి పార్సిల్ నోటీసు, పద్దులవారికి బిల్లు, ఇలా విభాగాన్ని బట్టి కథ మారాలి. అడిగే నిర్ణయం మాత్రం ఒకటే కావచ్చు.

వెబ్ చిరునామా చదవడం మీద ప్రశ్న రాసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త మరొకటి. ప్రశ్నకోసమని ఊహించి రాసిన చిరునామా నిజంగా ఎవరిదో కావచ్చు. ఈ రోజు ఎవరిదీ కాకపోయినా, రేపు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఉత్సాహవంతులు దాన్ని టైపు చేసి చూస్తారు. ఈ అవసరం కోసమే 1999లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2606 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం కొన్ని పేర్లను ఎవరికీ అమ్మకుండా పక్కన పెట్టింది. `example.com` అలాంటిదే. `.example`, `.test`, `.invalid` అన్న తోకలూ అంతే. వీటితోనే మంచి ప్రశ్న రాయవచ్చు:

```
https://payroll.example.com.staff-login.test/leave
```

జీతాల సైటు `payroll.example.com` అని ముందే చెప్పి, పై చిరునామా ఎవరి ఆధీనంలో ఉందని అడగాలి. మొదట కనిపించిన పేరు చూసి ఆగిపోయేవారు జీతాల సైటేనంటారు. సరైన పద్ధతి వేరు. `https://` తర్వాత వచ్చే మొదటి `/` గీత దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి, కుడి నుంచి ఎడమకు, చుక్కలతో విడివడిన చివరి రెండు ముక్కలు చదవాలి. అప్పుడు యజమాని `staff-login.test` అని తేలుతుంది. ముందున్నదంతా ఆ యజమాని తనకు నచ్చినట్టు తగిలించుకున్న పేరే. ఈ పద్ధతికీ హద్దుంది. కొన్ని దేశాల చిరునామాల్లో తోకే రెండు ముక్కలుగా ఉంటుంది కాబట్టి ‘చివరి రెండు ముక్కలు’ అన్న సూత్రం అక్కడ తప్పుతుంది. పరిచయ స్థాయి ప్రశ్నల్లో వాటిని పెట్టకపోవడమే మేలు. తాళం బొమ్మ ఉంటే సైటు నమ్మదగినదనే పాత ప్రశ్నలు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే తీసేయాలి. ఆ బొమ్మ చెప్పేది సైటుకీ బ్రౌజర్‌కీ మధ్య రాకపోకలు గుప్తంగా ఉన్నాయని మాత్రమే. నకిలీ సైటుకూ ఆ ఏర్పాటు ఉంటుంది. ఈ అపోహ కారణంగానే 2023లో గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌లో తాళం బొమ్మను మార్చేసింది.

పాస్‌వర్డ్ ప్రశ్నలకు వస్తే ఇబ్బంది మరో రకం. నకిలీ మెయిళ్లతో వివరాలు కాజేసే ఫిషింగ్ విషయంలో జనానికి తెలియనిది కొంత ఉంటుంది. పాస్‌వర్డ్ విషయంలో దాదాపు అందరికీ తెలుసు, ఎవరూ చేయరు. ‘ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడవచ్చా’ అని అడిగితే, అన్నిచోట్లా వాడుతున్నవారు కూడా ‘వాడకూడదు’ అనే నొక్కుతారు. ఆ జవాబు అబద్ధమూ కాదు. అడిగింది నియమం, వారికి తెలిసింది నియమం. అలవాటు బయటపడాలంటే సన్నివేశంలో ఒత్తిడి ఉండాలి. సరైన పని చేస్తే ఏదో ఒక నష్టం కనిపించాలి.

సమావేశానికి అయిదు నిమిషాలు ముందు, పాస్‌వర్డ్ గడువు ముగిసిందని తెర మీద పడింది. ప్రస్తుత పాస్‌వర్డ్ `Varsham@07`. ఇక్కడ ఎంపికలు ఇలా పెట్టవచ్చు: `Varsham@08` అని మార్చడం, ఇంట్లో సొంత మెయిల్‌కు వాడుతున్న పొడవైన పాస్‌వర్డ్ ఇక్కడా పెట్టడం, పాస్‌వర్డ్ మేనేజర్ తయారుచేసిన కొత్తదాన్ని పెట్టడం, వరుసగా చాలాసార్లు మార్చి చివరకు పాతదానికే రావడం. రెండో ఎంపిక బలమైన పాస్‌వర్డ్ కాబట్టి మంచిదనిపిస్తుంది. ఎంత బలమైనదైనా ఒకచోట లీకైతే రెండోచోట తాళం తీస్తుందని గ్రహించినవారే దాన్ని దాటుతారు. మొదటిది సర్వసాధారణం. పాతది తెలిసిన దొంగ తర్వాత ప్రయత్నించే సంఖ్య కూడా అదే.

‘పాస్‌వర్డ్‌ను ఎన్ని రోజులకు మార్చాలి’ అన్న ప్రశ్న మాత్రం రాయకపోవడమే మంచిది. 90 రోజులని జవాబు పెట్టిన పాత కోర్సులు కోకొల్లలు. ఎన్‌ఐఎస్‌టి 2017 మార్గదర్శకాల్లోనే, లీకైన ఆధారం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని సూచించింది. 2025లో వచ్చిన కొత్త కూర్పులో ఆ సూచన కచ్చితమైన నిషేధంగా మారింది. పెద్ద అక్షరం, అంకె, చిహ్నం తప్పనిసరి అన్న నియమానికీ అదే గతి పట్టింది. ఇప్పుడు ప్రాధాన్యం పొడవుకీ, లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాతో పోల్చి చూడటానికీ. అయినా ఉద్యోగి కూర్చున్న కంప్యూటర్ మూడు నెలలకోసారి మార్చమని అడుగుతూనే ఉంటే, కోర్సు ఒకటి చెప్పి వ్యవస్థ మరొకటి చెబుతుంది. ఆ తగవులో ఉద్యోగిని ఇరికించడం అన్యాయం. పైన చెప్పిన గడువు సన్నివేశం ఆ తగవును తప్పించుకుంటుంది. గడువు ఉండాలా వద్దా అని అడగదు, గడువు వచ్చినప్పుడు ఏం పెడతారని అడుగుతుంది.

ఫిషింగ్, పాస్‌వర్డ్ రెండూ కలిసే సన్నివేశం ఒకటుంది. దాన్ని ఏ కోర్సూ వదులుకోకూడదు. మెయిల్‌లోని లింకు నొక్కితే సంస్థ లాగిన్ పేజీ తెరుచుకుంది. రోజూ దానంతటదే పాస్‌వర్డ్ నింపే మేనేజర్ ఈసారి నింపలేదు. మొదట ఏం చేస్తారు? మేనేజర్ తెరిచి పాస్‌వర్డ్ కాపీ చేసి అతికించడం చాలామంది సహజంగా చేసే పని, ప్రమాదకరమైన పని కూడా. మేనేజర్ పేజీ అందాన్ని చూడదు, చిరునామానే చూస్తుంది. అది మౌనంగా ఉందంటే చిరునామా సరిపోలేదని అర్థం కావచ్చు. ‘కావచ్చు’ అన్న మాట వివరణలో కచ్చితంగా ఉండాలి. సంస్థ తన లాగిన్ పేజీ చిరునామాను నిజంగానే మార్చి ఉండవచ్చు, మేనేజరే మొరాయించి ఉండవచ్చు. ఆ పేజీ మూసి, ముందే భద్రపరచుకున్న చిరునామా నుంచి లోపలికి వెళ్లడం అన్ని సందర్భాల్లోనూ సరైన పనే. ఖాతా మార్పు ప్రశ్నలోని నిర్ణయమే ఇక్కడ వేషం మార్చుకుని వచ్చింది.

లింకు నొక్కడం, పాస్‌వర్డ్ ఇవ్వడం అయిపోయాక ఏం చేయాలన్న ప్రశ్న చాలా కోర్సుల్లో ఉండదు. ఉన్నా మందలింపుతో ముగుస్తుంది. ఆ సన్నివేశంలో తప్పు ఎంపికలు మనుషుల భయాల నుంచి పుట్టాలి. మెయిల్‌ను తొలగించి ఎవరికీ చెప్పకపోవడం, పాస్‌వర్డ్ మార్చేసి ఏదైనా జరిగితే అప్పుడు చెబుదామనుకోవడం, వైరస్ స్కాన్ నడిపి ఏమీ లేదని తేలితే ఊరుకోవడం. రెండోది ఎంచుకునేవారే ఎక్కువగా ఆలోచించేవారు. పాస్‌వర్డ్ మార్చడం సరైనదే, కానీ దొంగ అప్పటికే లోపలికి వెళ్లి ఉంటే, వచ్చే మెయిళ్లన్నీ బయటికి మళ్లేలా ఖాతాలో అమరిక పెట్టి ఉండవచ్చు. అది పాస్‌వర్డ్ మార్పుతో పోదు. భద్రతా విభాగం వెతికి తీయాలి. వివరణలో ఈ కారణం చెబితే చాలు, ‘ఇకపై జాగ్రత్త’ అన్న వాక్యం అక్కర్లేదు.

ప్రశ్నలు సిబ్బంది అందరి ముందుకూ వెళ్లేముందు ఒక చిన్న బృందం మీద ప్రయత్నించి, మార్కుల కన్నా ముందు తప్పు ఎంపికల లెక్క చూడాలి. నలభై మందిలో ఒక్కరూ తాకని ఎంపిక అక్కడ ఉన్నా లేనట్టే. దాన్ని మార్చాలి. మిగతా ప్రశ్నల్లో బాగా చేసినవారే ఒక ప్రశ్నలో తప్పుతుంటే ముందు అనుమానించవలసింది ప్రశ్ననే: రెండు సరైన జవాబులైనా ఉండి ఉంటాయి, సన్నివేశంలో ఒక వివరమైనా లోపించి ఉంటుంది. ఇంత చిన్న బృందంలో రెండు మూడు జవాబుల తేడాకు అర్థాలు తీయకూడదు. మొగ్గు కొట్టొచ్చినట్టు కనిపిస్తేనే పట్టించుకోవాలి.

ఖాతా మార్పు ప్రశ్నలో పద్దుల విభాగంలోని సగం మంది ఇ ఎంచుకున్నారనుకుందాం. పాఠంలో ఆ భాగాన్ని పెంచాలనిపిస్తుంది. అంతకన్నా ముందు వారిలో ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి ఎందుకు ఎంచుకున్నారో అడగాలి. ‘ఒప్పంద పత్రాలు మా దగ్గర ఉండవు, అవి మరో విభాగం బీరువాలో ఉంటాయి’ అని వారు చెబితే, ప్రశ్నలోని సరైన జవాబు వారి చేతికి అందనిదని తేలుతుంది. అప్పుడు మార్చవలసింది ప్రశ్న కాదు, పాఠమూ కాదు. నిర్ధారించుకున్న ఫోన్ నంబర్లను సరఫరాదారుల వివరాల పక్కనే పద్దుల సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయించాలి. ఆ పని పూర్తయ్యాక ‘ఈ’ ఎంపికలోని ‘ఒప్పంద పత్రంలో ఉన్న నంబరు’ను ‘సాఫ్ట్‌వేర్‌లో నమోదైన నంబరు’ అని మార్చి, ప్రశ్నను మళ్లీ ప్రయత్నించాలి.